జాగ్రత్త: ‘సీఆర్ 0.005’ అని చూపించి స్థలం మార్చేసే కన్సల్టెంట్లు ఉన్నారు

చిత్తూరు వైపు మామిడి గుజ్జు యూనిట్ పెట్టాలనుకునే వాళ్లందరికీ ఎవరో ఒకరు సిఫారసు చేసే ఆ కన్సల్టెన్సీ గురించే రాస్తున్నాను. పేరు రాయను. ఫీజు కట్టిన వాళ్లకు ఎవరో ఇట్టే తెలిసిపోతుంది.

క్లుప్తంగా సంగతి ఇది. నా ముందు రెండు స్థలాలు ఉన్నాయి. ఒకటి బంగారుపాలెం దగ్గర, తోటల మధ్యలో. అక్కడ పండుకు లోటు లేదు, బోర్ల మీద మాత్రం నమ్మకం లేదు. రెండోది శ్రీకాళహస్తి వైపు. పండు దూరం నుంచి రావాలి కానీ ఎండాకాలంలోనూ నీరు పడిపోని బోరు ఉంది, చెన్నై రేవు కూడా దగ్గర. ఏది మేలో ఏహెచ్‌పీ పద్ధతిలో, అంటే అంశాలను రెండేసి చొప్పున పోల్చి, శాస్త్రీయంగా తేలుస్తామన్నారు. సరేనన్నాను.

ప్రశ్నలు ఫోనులో అడిగారు. కొత్తగా చేరిన కుర్రాడు కాబోలు, బస్సు అందుకోవాలన్నంత తొందరలో ఉన్నాడు. 1 నుంచి 9 వరకు కొలబద్ద. 1 అంటే రెండూ సమానం, 9 అంటే ఒకటి రెండోదాని కంటే అత్యంత ముఖ్యం. పండు కంటే నీరు ఎంత ముఖ్యమంటే 3 అన్నాను. రవాణా కంటే పండు 5 అన్నాను. చివరగా రవాణా కంటే నీరు ఎంత అని అడిగితే 2 అన్నాను. అప్పుడు నా మనసులో ఉన్నది ట్యాంకర్ నీళ్ల ఖర్చు, బోరు ఎండిపోతే యూనిట్ ఆగిపోవడం కాదు. ‘నీరు అంటే దేన్ని దృష్టిలో పెట్టుకోవాలి?’ అన్న వివరణ అటువైపు నుంచి రాలేదు.

ఈ మూడు జవాబులు ఒకదానితో ఒకటి పొసగవు. నీరు పండుకు 3 రెట్లు, పండు రవాణాకు 5 రెట్లు అయితే నీరు రవాణాకు 15 రెట్లు కావాలి. కొలబద్ద 9తోనే ఆగిపోతుంది కాబట్టి కనీసం 8, 9 దగ్గర ఉండాలి. నేను చెప్పింది 2. ఈ వైరుధ్యాన్ని పట్టుకోవడానికే పొందిక నిష్పత్తి ఉంది, దాన్నే సీఆర్ అంటారు. మూడు అంశాలకు లెక్క ఇలా ఉంటుంది:

```
CI = (λmax − 3) / 2
CR = CI / 0.58
```

CR అంటే ఆ సీఆరే, CI అంటే పొందిక సూచిక, λmax అంటే పోలికల పట్టిక నుంచి లెక్కగట్టే ఒక సంఖ్య. పోలికలు పూర్తిగా పొసిగితే λmax సరిగ్గా 3 వస్తుంది, పొసగని కొద్దీ పెరుగుతుంది. ఆ 0.58 ఏమిటంటే, అంకెలను గుడ్డిగా నింపిన పట్టికలకు సగటున వచ్చే CI. అంటే మన జవాబులు గుడ్డి జవాబుల కంటే ఎంత నయమో ఈ నిష్పత్తి చెబుతుంది. సాధారణంగా 0.10 లోపు ఉంటే చాలంటారు. మూడే అంశాలున్నప్పుడు 0.05 దాటకూడదని ఈ పద్ధతిని రూపొందించిన థామస్ సాటీయే చెప్పారు. నా జవాబులకు λmax 3.47, సీఆర్ 0.40. అంటే నన్ను మళ్లీ అడిగి తీరాలి.

అడగలేదు. నివేదికలో సీఆర్ 0.005 అని, పక్కన పచ్చ రంగు టిక్కు. బంగారుపాలెం 59 శాతం, శ్రీకాళహస్తి 41 శాతం. అట్టలు, రంగుల పటాలు, నా పేరు బంగారు అక్షరాల్లో. అది చూసి మురిసిపోయి బంగారుపాలెం స్థలానికి బయానా ఇచ్చాను. వెనుక పేజీల్లోని పట్టిక తెరవని ఈ కళ్లకు అద్దాలు దేనికో!

పట్టిక తెరిచింది బ్యాంకులో అప్పు దరఖాస్తు పరిశీలించిన అధికారి. ‘పండు కంటే నీటికి 1/2 అని వేశారు, నీళ్లకు ఇబ్బంది లేదా అండీ?’ అన్నారు. నేను చెప్పింది 3. పట్టికలో 1/2. పండు కంటే నీరు ముఖ్యమన్న మాట తలకిందులై, నీటి కంటే పండు రెండు రెట్లు ముఖ్యమైంది. సాయంత్రం కన్సల్టెన్సీ పెద్దాయనకు ఫోను చేశాను.

‘సార్, మీరిచ్చిన అంకెలు పొసగలేదు. సాఫ్ట్‌వేర్ ఒప్పుకోదు. అందుకని ఒక గడి సర్దాం’ అన్నారు.

‘నన్ను అడగకుండానా?’

‘ఇది గణితం సార్. అడిగినా మీకు అర్థమయ్యేది కాదు. అయినా నివేదిక అందుకున్నట్టు సంతకం పెట్టారుగా.’

డబ్బు పోయినందుకు ఒక బాధ. నా పంట సంగతి, నా బోరు సంగతి నాకు అర్థం కాదని నా ఫీజు తీసుకుని నాకే చెప్పడం ఇంకో బాధ. ఇంతకీ ఆయన గణితం ఏపాటిదో చూడండి. మూడు పోలికలు పొసగనప్పుడు వైరుధ్యం ఉందని మాత్రమే లెక్క చెబుతుంది, తప్పు ఏ గడిలో ఉందో చెప్పదు. మూడింటిలో ఏ ఒక్కదాన్ని తగినంత మార్చినా సీఆర్ దిగి వస్తుంది. ఆయన మొదటి గడి మార్చారు, బంగారుపాలెం గెలిచింది. నన్ను అడిగి ఉంటే చివరి గడిలోని 2ను 8 చేయమనేవాణ్ని. తోతాపురి సీజనులో బోరు ఆగితే పండు కడగడానికి, బాయిలరుకు, యంత్రాలు శుభ్రం చేయడానికి నీరు ఉండదు, పండేమో ఆగదు. అలా మార్చి చూస్తే సీఆర్ 0.038, అదీ హద్దులోనే. శ్రీకాళహస్తికి 62 శాతం, బంగారుపాలేనికి 38. అసలు పొసగని నా మొదటి జవాబులతో లెక్కవేసినా శ్రీకాళహస్తికే 56 దాటి వస్తుంది. వాళ్లు ‘సర్దిన’ తర్వాతే ఫలితం తిరగబడింది.

అన్నట్టు, అదే నివేదికలో ఇంకో వింత. రెండు స్థలాలను ఒక్కో అంశం కింద పోల్చిన పట్టికల్లో ‘సీఆర్ 0, సంపూర్ణ పొందిక’ అని ముద్ద అక్షరాల్లో వేసుకున్నారు. రెండే స్థలాలుంటే పోలిక ఒక్కటే, దానితో విభేదించడానికి ఇంకో పోలికే ఉండదు. ఏ అంకె వేసినా సున్నాయే వస్తుంది. దానికి కూడా భుజాలు చరుచుకున్నారంటే ఏమనాలి!

స్థలం యజమాని మంచివాడు, బయానాలో కొంతైనా తిరిగి ఇస్తానంటున్నాడు. ఫీజు గురించి రాసిన ఉత్తరానికి కన్సల్టెన్సీ నుంచి జవాబు లేదు.

ఇలాంటి నివేదిక కొనేవాళ్లు రెండు పనులు చేయండి. మీరు చెప్పిన అంకెలను అప్పటికప్పుడే రాసి పెట్టుకుని, పట్టికలోని అంకెలతో గడి గడి సరిచూడండి. 3 అన్నచోట 4 కనిపిస్తే ఎందుకని అడగండి, 3 అన్నచోట 1/2 కనిపిస్తే మిగతా డబ్బు ఆపేయండి. సవరణకు ముందు సీఆర్ ఎంత వచ్చిందో, ఏ గడిని ఎవరిని అడిగి మార్చారో రాతలో ఇవ్వాలని ఒప్పందంలోనే పెట్టించండి.