ఫోటోలోని మెట్ల గ్రాఫ్ నుంచి సంభావ్యతలు చదవడం: మూడేళ్లు వాడాక నా అభిప్రాయం

గుంటూరులో డిగ్రీ పిల్లలకు స్టాటిస్టిక్స్ ట్యూషన్ చెబుతాను. పిల్లలు డౌట్లు ఎక్కువగా ఫోటోల రూపంలోనే పంపుతారు. వాటిలో నన్ను ఎక్కువగా కూర్చోబెట్టేవి సంచిత విభాజన ప్రమేయం గ్రాఫులు. మేమంతా సీడీఎఫ్ అనే పిలుస్తాం. యాదృచ్ఛిక చలరాశి X ఒక విలువ దగ్గరో అంతకంటే తక్కువో ఉండే సంభావ్యతను అది చూపిస్తుంది. పట్టిక ఉండదు, సూత్రం ఉండదు. మెట్లు మెట్లుగా ఎక్కే ఒక బొమ్మ, దాని కింద "P(X ≤ 2) ఎంత? మధ్యగతం ఎంత?" అని ప్రశ్నలు. మూడేళ్లుగా ఇలాంటి ఫోటోలను కంప్యూటర్లో పెయింట్‌లో తెరిచి, పిక్సెళ్లు చూసి విలువలు రాబడుతున్నాను. సంభావ్యతల వరకు ఈ పద్ధతిని నమ్మొచ్చు. క్వాంటైళ్ల దగ్గర, అంటే ఇచ్చిన సంభావ్యతకు సరిపడే X విలువ వెతికేటప్పుడు మాత్రం, ఒక చోట ఘోరంగా తప్పిస్తుంది. అది ఎక్కడో తెలిస్తే దాన్ని కూడా దాటొచ్చు.

ముందు పద్ధతి చెబుతాను. పెయింట్‌లో మౌస్‌ను ఎక్కడ పెడితే అక్కడి పిక్సెల్ స్థానం కింది పట్టీలో కనిపిస్తుంది. రెండో అంకె పైనుంచి కిందికి పెరుగుతుంది, గ్రాఫు మాత్రం కిందనుంచి పైకి. మొదట్లో అందరూ తడబడేది ఇక్కడే. ఈమధ్య వచ్చిన ఒక ఫోటోలో నిలువు అక్షం మీద 0 గుర్తు 1840వ వరుసలో, 1 గుర్తు 340వ వరుసలో ఉన్నాయి. అంటే మొత్తం ఎత్తు 1500 పిక్సెళ్లు. మొదటి మెట్టు అడ్డగీత 1612 దగ్గర ఉంది. 1840 లోంచి 1612 తీసేస్తే 228, దాన్ని 1500తో భాగిస్తే 0.152. మిగతా మెట్లు ఇదే లెక్కన 0.348, 0.502, 0.798, 0.999 వచ్చాయి. మెట్లు మొదలయ్యే చోట్లు 0, 1, 2, 4, 5.

ఇవి పుస్తకం లెక్కలు కాబట్టి విలువలు 0.15, 0.35, 0.50, 0.80, 1.00 అని సర్దుకోవచ్చు. సర్దుకునే ముందు రెండు విషయాలు చూస్తాను. ఆఖరి మెట్టు 1కి చాలా దగ్గరగా రావాలి. అక్కడ 0.97 వస్తే ఫోటో వంకరగా ఉందనో, గుర్తును నేను తప్పు చోట పట్టుకున్నాననో అర్థం. ఆ తర్వాత, మిగతా మెట్లన్నీ సర్దిన విలువలకు చాలా దగ్గరగా ఉండాలి. పై ఫోటోలో తేడా ఎక్కడా 0.002 దాటలేదు. గీత మందమే 12 పిక్సెళ్లు, అంటే 0.008. అందుకే గీత అంచును కాకుండా మధ్యను పట్టుకోవాలి. ఒక మెట్టుకు పై అంచు, ఇంకో మెట్టుకు కింది అంచు పట్టుకుంటే ఆ మాత్రం తేడా ఊరికే వచ్చేస్తుంది.

ఇక్కడి నుంచి సంభావ్యతలు తేలిక. P(X ≤ 2) అంటే 2 దగ్గర పై మెట్టు ఎత్తు, 0.50. P(X < 2) అంటే 2కి ఎడమ పక్కనున్న మెట్టు ఎత్తు, 0.35. ఈ రెంటి తేడా 0.15, అదే P(X = 2). 3 దగ్గర గ్రాఫు ఎక్కలేదు, కాబట్టి P(X = 3) సున్నా, P(X ≤ 3) మాత్రం అదే 0.50. P(1 ≤ X ≤ 4) అడిగితే 0.80 లోంచి 0.15 తీసేయాలి, 0.65 వస్తుంది. పిల్లలు 0.80 లోంచి 0.35 తీసి 0.45 రాస్తారు. 1 దగ్గరున్న మెట్టు ఎత్తు కూడా లెక్కలోకి రావాలని మర్చిపోతారు. అది ఫోటో తప్పు కాదు, కానీ ఫోటోలో చుక్కలు చెదిరిపోతే ఈ తప్పు ఇంకా ఎక్కువ జరుగుతుంది.

చుక్కల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మెట్టు ఎక్కే చోట పైన నిండు చుక్క, కింద బోలు చుక్క వేస్తారు. ఆ చోట విలువ పైదే అని దాని అర్థం. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటో కుదించుకుపోతుంది. పేజీని స్కాన్ చేసే యాప్ వాడితే తెలుపు నలుపుల తేడా బాగా పెంచేస్తుంది. రెండు సందర్భాల్లోనూ బోలు చుక్క పూడిపోయి నిండు చుక్కలా కనిపించడం నేను చాలాసార్లు చూశాను. జూమ్ చేస్తే మధ్యలో కాస్త బూడిద రంగు మిగిలి ఉంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు. అందుకే పిల్లలకు ఫోటోను డాక్యుమెంట్‌గా పంపమంటాను, కుదించకుండా వస్తుంది.

చుక్కలు పోయినా పెద్ద నష్టం లేదు, ఎందుకంటే P(X ≤ x) అని నిర్వచించిన సీడీఎఫ్ ఎప్పుడూ పై విలువనే తీసుకుంటుంది. ఒక్క మినహాయింపు ఉంది. ఒకప్పుడు విశాలాంధ్ర పుస్తకాల షాపుల్లో చవగ్గా దొరికిన సోవియట్ పుస్తకాలు ఇప్పటికీ చాలామంది లెక్చరర్ల బీరువాల్లో ఉన్నాయి. వాటిలో కొన్నింట్లో ప్రమేయాన్ని P(X < x) అని నిర్వచిస్తారు. అప్పుడు నిండు చుక్క కింద ఉంటుంది. ఆ పేజీ ఫోటో వస్తే మెట్టు ఎక్కే చోట చదివిన ప్రతి విలువా ఒక మెట్టు తేడాతో మారిపోతుంది. పుస్తకంలో నిర్వచనం ఉన్న పేజీ కూడా పంపమని అడగడం నాకు అలా అలవాటైంది.

ఇప్పుడు క్వాంటైళ్లు. చదివే తీరు దీనికి తిరగేసి. నిలువు అక్షం మీద p దగ్గర మొదలుపెట్టి అడ్డంగా వెళ్లి, గ్రాఫు మొదటిసారి p ఎత్తును అందుకునే x పట్టుకోవాలి. 0.75 అడిగితే, 0.50 మెట్టు చాలదు, 4 దగ్గర 0.80కి ఎక్కుతుంది, కాబట్టి జవాబు 4. ఇక్కడ ఫోటో ఎంత మసకగా ఉన్నా ఇబ్బంది లేదు. ఆ మెట్టును 0.78 అని చదివినా, 0.82 అని చదివినా జవాబు 4 నుంచి కదలదు.

మొన్న ఒక అమ్మాయి ఫోన్ చేసింది. "మేడం, 0.80 క్వాంటైల్ నాకు 5 వచ్చింది. కీలో 4 ఉంది. కీ తప్పా?"

"4 దగ్గర మెట్టు ఎత్తు ఎంత వచ్చిందమ్మా నీకు?"

"0.798 మేడం."

దెబ్బ పడేది సరిగ్గా ఇక్కడే. 0.798 అనేది 0.80 కన్నా తక్కువ. కాబట్టి ఆ మెట్టు చాలదని తర్వాతి మెట్టుకు వెళ్లింది. ఆమె పాటించిన నియమం సరైనదే, చదివిన విలువలో తేడా 0.002 మాత్రమే, జవాబు మాత్రం ఒక మెట్టు మొత్తం తప్పింది. సంభావ్యతలో చిన్న తప్పు చిన్న తప్పుగానే ఉంటుంది. క్వాంటైల్‌లో అదే తప్పు అసలు కనపడదు, లేకపోతే మెట్టంతా మింగేస్తుంది. మధ్యస్తం ఉండదు. అందుకే అడిగిన p ఏ మెట్టు ఎత్తుకైనా 0.01 లోపు ఉంటే ఫోటో విలువతో పోల్చవద్దని, ముందు ఎత్తును సర్దుకుని ఆ తర్వాతే పోల్చమని చెబుతున్నాను.

మధ్యగతం అడిగినప్పుడు కూడా ఇదే గ్రాఫు ఇరకాటంలో పెడుతుంది. 0.50 ఎత్తులో 2 నుంచి 4 దాకా గీత అడ్డంగా సాగింది. నిర్వచనం ప్రకారం 2 నుంచి 4 దాకా ఏ విలువైనా మధ్యగతమే. మొదటిసారి అందుకున్న చోటు తీసుకుంటే 2. రెండు కొనల సగటు తీసుకునే పుస్తకంలో 3, X ఎప్పుడూ తీసుకోని విలువ. కీలో ఏది ఉన్నా ఆశ్చర్యపోనక్కర్లేదు. ఫోటోలో ఆ గీత 0.502 అని వచ్చి సర్దకుండా వదిలేస్తే, ఇక్కడ ఇలాంటి సందిగ్ధం ఉందనే విషయమే తెలియకుండా పోతుంది. నాకు అది ఎక్కువ బాధ.

ఇక ఫోటో వంకరల గురించి. బల్ల మీద పుస్తకం పెట్టి కూర్చున్న చోటు నుంచే తీస్తే పేజీ పైభాగం దూరంగా ఉంటుంది, అక్కడి గుర్తులు ఒకదానికొకటి దగ్గరవుతాయి. అలాంటి ఒక ఫోటోలో కూడా 0 గుర్తు 1840 దగ్గర, 1 గుర్తు 340 దగ్గరే ఉన్నాయి. కానీ 0.5 గుర్తు ఉండాల్సిన 1090 దగ్గర కాకుండా 1020 దగ్గర ఉంది. నేరుగా లెక్కేస్తే అది 0.547 అవుతుంది. ముగ్గురు పిల్లలు ఆ మెట్టును 0.55 అని సర్ది పంపారు, పాపం చూడ్డానికి నిజంగానే అలాగే ఉంది. మందు సులువు: 0, 1 గుర్తుల మధ్య కాకుండా, మెట్టుకు పైనా కిందా ఉన్న దగ్గరి రెండు గుర్తుల మధ్య లెక్కేయాలి. మెట్టు అక్షానికి దూరంగా ఉంటే స్కేలును ఆ మెట్టు గీత వెంబడే పెట్టి అక్షం దాకా పొడిగించాలి. ఫోటో అంచుకు సమాంతరంగా పెట్టకూడదు. ఏటవాలు ఫోటోలో కూడా సరళరేఖ సరళరేఖగానే ఉంటుంది, కాబట్టి పొడిగించిన గీత అక్షాన్ని సరైన ఎత్తులోనే తాకుతుంది. బైండింగ్ దగ్గర పేజీ వంగితే మాత్రం ఇది పనిచేయదు. అప్పుడు పేజీని అదిమిపట్టి మళ్లీ తీయమనడమే.

ఫోటో బాగున్నా గ్రాఫే తప్పుగా గీసి ఉండటం ఇంకో రకం. ప్రాజెక్టులు చేసే పిల్లలు లాప్‌టాప్ స్క్రీన్ ఫోటో తీసి పంపుతారు. పైథాన్‌లో `plt.step(x, F)` అని ఊరికే రాస్తే, అది `where='pre'` గా గీస్తుంది. అంటే ప్రతి విలువనూ ఎడమకు సాగదీస్తుంది. మన ఉదాహరణలో 0 దగ్గరే గ్రాఫు 0.15 నుంచి 0.35కి ఎక్కేస్తుంది. P(X ≤ 0) ని 0.35 అని చదువుతాం. సీడీఎఫ్‌కు కావాల్సింది ఇది:

```python
plt.step(x, F, where='post')
```

ఫోటో చూసి దీన్ని పట్టుకోవడం కష్టం కాదు. మొదటి నిలువుగీత 0 ఎత్తు నుంచి లేవాలి. అది 0.15 నుంచి లేస్తే అనుమానించాలి. `post` పెట్టినా ఆ మొదటి నిలువుగీత రావాలంటే x ముందు దాని మొదటి విలువ కన్నా తక్కువైన ఒక విలువ, F ముందు ఒక 0 చేర్చాలి. ఆ సంగతి చెప్పేదాకా చాలామందికి తట్టదు.

కొన్ని ఫోటోలు వస్తే ఇప్పుడు నేను చదవడం మానేశాను. రెండు వందల మంది మార్కులతో గీసిన గ్రాఫులో ఒక్కొక్కరి వంతు ఎత్తు 0.005 మాత్రమే. గీత మందమే దానికంటే ఎక్కువ. అందులో P(X ≤ 60) సుమారుగా చెప్పగలను, అటూ ఇటూ 0.01 తేడాతో. P(X = 60) అడిగితే చెప్పలేను, చెప్పినా అది అబద్ధమే అవుతుంది. అలాంటి వాటికి "గ్రాఫు వద్దమ్మా, మార్కుల జాబితా ఉంటే పంపు" అని రాసేస్తున్నాను.