ప్రతి పదిహేనో మనిషిని అడిగే పద్ధతి: కొన్నేళ్లు వాడాక నా సమీక్ష

నల్లగొండలో డిగ్రీ, ఎంబీఏ విద్యార్థుల మార్కెటింగ్ ప్రాజెక్టులకు మార్గదర్శిగా ఉంటున్నాను. ఏటా నా బల్ల మీదికి వచ్చే రిపోర్టుల్లో చాలావరకు వాట్సాప్ గ్రూపుల్లో తిప్పిన గూగుల్ ఫారంతోనే మొదలవుతాయి, అక్కడే ముగుస్తాయి. దానికి బదులుగా నేను కొన్నేళ్లుగా పిల్లల చేత చేయిస్తున్నది క్రమబద్ధ నమూనా, అంటే ఒకచోట నిలబడి దాటివెళ్లే వారిలో లెక్క ప్రకారం ఒక్కొక్కరిని ఆపి అడగడం. దీని మంచిచెడ్డలు ఇక్కడ రాస్తున్నాను. మా జిల్లాకు తగిన ఉదాహరణే తీసుకుంటాను: సీసాలో నింపిన బత్తాయి రసానికి నల్లగొండలో గిరాకీ ఉంటుందా?

ముందుగా కావలసింది ఇద్దరు మనుషులు. ఒకరు లెక్కపెట్టాలి, ఇంకొకరు అడగాలి. ఒక్కరే రెండు పనులూ చేస్తే, నవ్వుముఖంతో తీరికగా వచ్చేవాడు ఎప్పుడూ పదిహేనో మనిషే అవుతాడు! రైతుబజారు గేటు దగ్గర ఒక స్తంభాన్ని గుర్తుగా పెట్టుకుని, దాన్ని దాటే పెద్దవాళ్లను మొదట ఒక గంటసేపు ఊరికే లెక్కపెట్టాలి. గంటకు 180 మంది దాటుతున్నారు, అడిగే విద్యార్థి గంటకు పన్నెండు మందిని పలకరించగలడు అనుకుందాం. 180ని 12తో భాగిస్తే 15. ఇక ఒకటి నుంచి పదిహేను వరకు చీటీలు రాసి ఒకటి తీయాలి. ఏడు వస్తే ఏడో మనిషి, తర్వాత ఇరవై రెండు, ముప్పై ఏడు. కుటుంబం గుంపుగా వస్తే పెద్దవాళ్లను విడివిడిగా లెక్కపెట్టాలి. వంతు ఎవరి మీద పడితే వారినే అడగాలి, ఆ ఇంటి యజమానిని కాదు. ఒకరితో మాట్లాడుతుండగానే తర్వాతి వంతు మనిషి దాటిపోతే ఆ వివరం కూడా కాగితం మీదికి ఎక్కాలి. ఏ రోజు, ఏ పూట నిలబడాలన్నదీ చీటీలతోనే తేల్చుకోవాలి. లేకపోతే తరగతులు లేని పూటే సర్వే జరుగుతుంది.

నాకు బాగా నచ్చింది నిరాకరణ పట్టిక. ఆపినా ఆగని ప్రతి మనిషికీ ఒక వరుస ఉంటుంది: సమయం, ఆడా మగా, చూడగా తోచిన వయసు, కనిపించిన కారణం. పిల్లలకు ఇది శుద్ధ దండగ పనిలా తోస్తుంది. నేను మాత్రం రిపోర్టులో మొదట చూసేది దాన్నే. నల్లగొండలో అయినా ఇంకెక్కడైనా, నలుగురూ తిరిగే చోట అడిగితే కొందరైనా కాదని వెళ్లిపోతారు. ఒక్క నిరాకరణ కూడా లేని సర్వే హాస్టల్ గదిలో నింపినదే. ఖాళీ వదిలిన ప్రశ్న ఒక్కటీ లేకపోవడం, ఐదు గడుల ప్రశ్నల్లో వరుసగా మధ్య గడిలోనే టిక్కులు పడటం కూడా అదే చెబుతాయి.

ఇప్పుడు లెక్కలోకి వద్దాం. 240 మందిని ఆపగా 120 మంది జవాబిచ్చారనుకోండి. వారిలో 66 మంది కొంటామన్నారు, అంటే 55 శాతం. చాలా రిపోర్టుల్లో దీని కింద వచ్చే వాక్యం 'మెజారిటీ వినియోగదారులు ఆసక్తి చూపారు' అని. 120 మంది నమూనాకు 95 శాతం నమ్మకంతో వచ్చే పొరపాటు హద్దు అటూ ఇటూ దాదాపు తొమ్మిది శాతం. కాబట్టి అసలు సంఖ్య 46కూ 64కూ మధ్య ఎక్కడైనా ఉండవచ్చు. మెజారిటీ అని రాసే హక్కు ఇంకా రాలేదు.

అదైనా జవాబివ్వని 120 మంది కూడా జవాబిచ్చిన వారిలాంటి వాళ్లే అనుకుంటేనే. ఆగనివాళ్లలో ఒక్కరూ కొనరనుకుంటే 240కి 66, అంటే 27.5 శాతం. అందరూ కొంటారనుకుంటే 186, అంటే 77.5 శాతం. నిజం ఈ రెండింటి మధ్య ఉంది. అంత వెడల్పైన హద్దులు చూస్తే విద్యార్థి మొహం వాడిపోతుంది, కానీ నిరాకరణ పట్టిక విలువ తెలిసేది అప్పుడే. ఆగనివాళ్లలో ఎక్కువమంది బస్సు కోసం పరుగెత్తేవారని పట్టిక చెబితే, వారు రసం విషయంలో మిగతావారికంటే వేరుగా ఉంటారా అని కనీసం వాదించవచ్చు. పట్టిక లేకపోతే వాదించడానికి ఏమీ లేదు.

ఆడవారిలో 30కి 18 మంది, మగవారిలో 90కి 48 మంది కొంటామన్నారని పట్టిక వేసి, స్త్రీలలో ఆదరణ ఎక్కువ అని రాసేవారూ ఉంటారు. 60 శాతం ఒకవైపు, 53 శాతం ఇంకోవైపు. ముప్పై మందికి పొరపాటు హద్దే దాదాపు 18 శాతం. ఆ తేడాను పట్టికలో ఉంచవచ్చు, నిర్ణయాల్లోకి తేకూడదు.

ఈ పద్ధతికి పుట్టుకతో వచ్చిన లోపం ఇంకొకటి ఉంది. రోజూ రైతుబజారుకు వచ్చే మనిషి, వారానికోసారి వచ్చే మనిషికంటే ఏడు రెట్లు ఎక్కువగా మన వంతులో పడే అవకాశం ఉంది. అందుకే వారంలో ఎన్నిసార్లు వస్తారన్న ప్రశ్న తప్పనిసరి. ఏడుసార్లు వచ్చేవారి జవాబుకు ఏడో వంతు బరువు, ఒకసారి వచ్చేవారికి పూర్తి బరువు ఇచ్చి శాతం మళ్లీ కట్టాలి. రెండు శాతాలూ పక్కపక్కన వేస్తే నాకు ఇంకా సంతోషం.

'సీసా ఇరవై రూపాయలకు ఇస్తే కొంటారా' అన్న ప్రశ్నను ఏ నమూనా పద్ధతీ బాగుచేయలేదు. ఎదురుగా నిలబడిన విద్యార్థిని నొప్పించడం ఇష్టంలేక తల ఊపేవారు మన ఊళ్లో ఎక్కువ. గడిచిన ఏడు రోజుల్లో బత్తాయి రసం తాగారా, ఎక్కడ తాగారు, ఎంత ఇచ్చారు అని అడిగితే, కళ్ల ముందే పిండి ఇచ్చే బండివాడే సీసాకు అసలు పోటీదారు అని బయటపడుతుంది. మే నెల ఎండలో అడిగిన జవాబును డిసెంబరుకు వర్తింపజేయకూడదని వేరే చెప్పాలా?

పరిమితుల పేజీ దగ్గరే నాకు విద్యార్థులతో ఎక్కువ పేచీ. సమయాభావం, ధనాభావం అన్న రెండు మాటలు పాత రిపోర్టుల నుంచి కొత్త రిపోర్టుల్లోకి నడిచి వస్తూనే ఉంటాయి. పరిమితి అంటే ఫలితం ఎటువైపు వాలి ఉందో చెప్పాలి. నేను ఒప్పుకునేది ఇలా ఉంటుంది: 'ఈ సర్వే రైతుబజారుకు వచ్చేవారికే వర్తిస్తుంది. తాజా పండ్లు, కూరగాయలు కొనే అలవాటున్నవారు ఇందులో ఎక్కువ కాబట్టి, సీసా రసంపై ఆసక్తి పట్టణం మొత్తంతో పోలిస్తే ఇక్కడ తక్కువగా కనిపించి ఉండవచ్చు.' తక్కువగానా ఎక్కువగానా అన్న మాట ఉంది, ఎందుకో కూడా ఉంది.

గూగుల్ ఫారాన్ని పూర్తిగా కొట్టిపారేయను. ప్రశ్న అర్థమవుతోందో లేదో ముందుగా పదిమందితో పరీక్షించడానికి అంతకన్నా సులువైనది లేదు. కానీ దాన్ని ఎంతమంది చూసి వదిలేశారో తెలియదు, కాబట్టి జవాబుల శాతమే కట్టలేం. పైగా వచ్చేవన్నీ ఒకే వయసు స్నేహితుల జవాబులు. అలాంటి నమూనాకు పొరపాటు హద్దు లెక్కగట్టి రాయడం నాకు అస్సలు నచ్చదు.

మొత్తం మీద ఐదుకు నాలుగు ఇస్తాను. ఆ ఒక్కటీ తగ్గించింది శ్రమ గురించి కాదు. బజారుకు రాని మనుషులు ఈ పద్ధతికి అసలు కనబడరు. ఇంట్లోనే ఉండే వృద్ధులు, కూరగాయలు గుమ్మం ముందు బండి దగ్గరే కొనేవారు మీ ప్రశ్నకు ముఖ్యమైతే గేటు వదిలేయండి. వార్డులను చీటీలతో ఎంచుకుని, వీధి మొదటి నుంచి ప్రతి పదో ఇంటి తలుపు తట్టండి. తాళం వేసిన ఇళ్లకు సాయంత్రం మళ్లీ వెళ్లండి, అప్పటికీ తాళమే ఉంటే పక్కింటికి మారకుండా నిరాకరణ పట్టికలో రాసుకోండి.