బిల్లు ఫోటోతో వాటాలు: పద్నాలుగు నెలలు వాడాక

నెల్లూరు మాగుంట లేఅవుట్‌లో నలుగురం కలిసి ఒక ఫ్లాట్‌లో ఉంటాం, కరెంటు మీటరు ఒక్కటే. కరెంటు బిల్లు ఫోటో తీస్తే మొత్తం చదివి మనిషికి ఎంతో చెప్పే యాప్‌ని పద్నాలుగు నెలలుగా వాడుతున్నాను. మిగతా సంగతులన్నీ పక్కన పెడితే నాకు దీంట్లో నచ్చింది ఒక్కటే, లెక్క పక్కనే బిల్లు ఫోటో ఉండిపోవడం. మీటరు రీడింగుకి వచ్చినాయన చేతికిచ్చే ఆ సన్న కాగితం మా ఎండలకి రెండు మూడు నెలల్లో తెల్లబడిపోతుంది, ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద పెట్టినవి ఇప్పుడు చూస్తే ఒక్క అంకె కూడా కనపడదు. ఫోటో మాత్రం అలాగే ఉంది. ఎవరికి అనుమానం వచ్చినా తెరిచి చూసుకుంటారు, నన్ను అడగరు.

చదవడం కూడా బాగా చదువుతుందని మొదటి నెలల్లో అందరికీ చెప్పాను. ఇప్పుడు ఆ మాట కొంచెం సవరించుకోవాలి. అది చదివేది కింద ఉన్న పెద్ద అంకెనే, ఆ అంకెలో ఏమేం కలిసి ఉన్నాయో దానికి పట్టదు.

పోయిన జూన్‌లో జరిగింది ఇది. మే బిల్లు రూ.1,748. మనిషికి రూ.437 చొప్పున అందరూ నాకు వేసేశారు, నేను మీటరు రీడింగుకి ముందురోజు రాత్రి ఫోన్‌లో కట్టాను. పొద్దున్నే రీడింగు తీసేసరికి ఆ కట్టిన సంగతి వాళ్ళ మిషన్‌కి ఇంకా ఎక్కలేదు. దాంతో కొత్త బిల్లులో ఈ నెలది రూ.1,612, పాత బకాయి రూ.1,748, మొత్తం రూ.3,360 అని వచ్చింది. నేను ఆఫీసు హడావుడిలో ఫోటో తీసి సరే కొట్టేశాను. యాప్ మనిషికి రూ.840 అంది. ఎండాకాలం కదా, ఎక్కువ వచ్చుంటుందిలే అనుకున్నాను. ముగ్గురూ రాత్రికల్లా వేసేశారు కూడా.

అందులో ఒక తమ్ముడు అప్పటికి మా ఫ్లాట్‌లోకి వచ్చి సరిగ్గా నెల. ఉదయగిరి వైపు నుంచి వచ్చాడు, ఎక్కువ మాట్లాడడు. రెండోరోజు పొద్దున ఫోటోని పెద్దది చేసి నా ముందు పెట్టి, "అన్నా, ఈ బకాయి అని ఉండేది పోయిన నెలది కదా, అప్పుడు నేను లేను కదా" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. వెంటనే ఫోన్‌లో కట్టే చోట సర్వీసు నంబరు కొట్టి చూస్తే కట్టాల్సింది రూ.1,612 మాత్రమే చూపించింది. అంటే మనిషికి రూ.403. మిగతా ముగ్గురూ ఒక్కొక్కరు రూ.437 ఎక్కువ వేశారు, ఆ డబ్బు నా ఖాతాలో ఉంది. అక్కడికక్కడే తిరిగి పంపాను, కానీ వాడికి నా మీద అనుమానం వచ్చి ఉంటే ఏంటని ఆ రోజంతా టెన్షన్ పడ్డాను. తప్పు చదివింది ఆ ఫోటో నుంచే, తప్పు బయటపెట్టింది కూడా ఆ ఫోటోనే. అంకె ఒక్కటే పంపి ఉంటే వాడు అడిగేవాడు కాదు.

అప్పటి నుంచి ఫోటో పెడతాను గానీ మొత్తం అంకె నేనే కొడతాను, బకాయి తీసేసి ఈ నెలది మాత్రమే. బకాయి వరసలో ఏదైనా అంకె ఉంటే పోయిన నెల కట్టిన రసీదు పక్కన పెట్టుకుని చూస్తాను.

ఇక ఏసీ సంగతి. ఈ ఏప్రిల్‌లో మా గదిలో పెట్టించాం, నేనూ ఇంకో ఫ్రెండూ వాడతాం. ప్లగ్గు దగ్గర చిన్న మీటరు ఉంది. మే నెలలో మొత్తం 340 యూనిట్లు, అందులో ఏసీ 120. యాప్‌కి ఉన్న దారి శాతం వేసుకోవడమే, అలా వేస్తే యూనిట్ చార్జీలు రూ.2,023లో ఏసీ వాటా రూ.714 అవుతుంది. కానీ మన స్లాబుల్లో 225 దాటాక యూనిట్ రూ.8.75, అంతకు ముందు వంద యూనిట్లు రూ.6 చొప్పున. ఏసీ లేకుండా 220 యూనిట్లకి అయ్యేది రూ.987 మాత్రమే. మిగతా రూ.1,036 మా ఏసీ వల్లే. శాతం లెక్కలో తేడా రూ.322 నలుగురి మీదా పడుతుంది, అందులో సగం రూ.161 పక్క గదివాళ్ళు మా చల్లదనానికి ఎందుకు మొయ్యాలి? అందుకే ఆ రూ.1,036 మొత్తం మేమిద్దరం వేసుకుంటున్నాం. మా ఫ్రెండ్‌కి ఇది ఇంకా పూర్తిగా నచ్చలేదు, ఫ్రిజ్ అందరిదీ కదా, దాన్ని ఏ స్లాబులో పెడతావంటాడు.

నలుగురం, ఒకే మీటరు, అందరూ ఫోటో తెరిచి చూసేవాళ్ళం కాబట్టి మాకు పనికొచ్చింది. నెలకోసారి బిల్లు చూడని మనుషులున్న ఇంట్లో మాత్రం ఇది చూపిన అంకెనే అందరూ నమ్మి కట్టేస్తారు, అలాంటి చోట నేను దీన్ని చెప్పను.