రెండేళ్ళుగా థర్మామీటర్ గుచ్చి చికెన్ బ్రెస్ట్ పీస్ వండుతున్నా, నా అనుభవం

మా ఆయన జిమ్‌లో చేరిన దగ్గర్నుంచి ఇంట్లో వారానికి రెండుసార్లు బోన్‌లెస్, అదీ బ్రెస్టే కావాలన్నాడు. మొదటి ఆర్నెల్లు నేను వండింది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. పైన మసాలా బ్రహ్మాండంగా ఉండేది, లోపల కొబ్బరి పీచు నమిలినట్టు ఉండేది. పిల్లాడు నమిలి నమిలి పక్కన పెట్టేసేవాడు. పెరుగులో నానబెట్టా, నిమ్మకాయ పిండా, మంట తగ్గించా, మూత పెట్టా, చివరికి కుక్కర్‌లో రెండు విజిల్స్ కూడా పెట్టా. కుక్కర్‌దే అన్నిటికన్నా ఘోరం, లోపల వేడి నూటిరవై డిగ్రీల దాకా పోతుంది, ముక్క విడివిడి పోగులైపోతుంది.

పులుసులో మునిగి ఉడుకుతోంది కదా, ఎండదులే అని నేను అనుకునేదాన్ని, మీలో చాలామంది కూడా అనుకుంటూ ఉంటారు. అది తప్పు. ముక్క ఎండిపోవడానికీ చుట్టూ నీళ్ళు ఉండడానికీ సంబంధం లేదు. లోపలి వేడి ఓ హద్దు దాటితే కండలోని పోగులు బిగుసుకుని, తడిబట్ట పిండినట్టు లోపలి నీటిని బయటికి తోసేస్తాయి, ఆ నీరు పోయి పులుసులోనే కలుస్తుంది. పులుసు రుచిగా ఉంటుంది, ముక్క పీచవుతుంది. తొడ ముక్కకైతే కొవ్వూ, ఉడికే కొద్దీ జిగురుగా మారే పదార్థమూ ఉంటాయి కాబట్టి అరగంట ఉడికినా మెత్తగానే ఉంటుంది. బ్రెస్ట్‌లో ఆ రెండూ చాలా తక్కువ. డెబ్బై దాటిన దగ్గర్నుంచి ప్రతి డిగ్రీకీ తేడా తెలుస్తుంది, ఎనభై అంటే ఇక చేసేదేం లేదు.

అది తెలిశాకే ఏడొందలు పెట్టి సూది లాంటి థర్మామీటర్ కొన్నా, రెండు మూడు సెకన్లలో అంకె చూపించే రకం. రాగానే ఐసు నీళ్ళలో పెడితే సున్నా, మరిగే నీళ్ళలో పెడితే నూరు చూపించింది (మన నెల్లూరు సముద్ర మట్టానికి దగ్గరే కాబట్టి ఇక్కడ నూరుకే మరుగుతాయి). అప్పుడప్పుడూ ఈ పరీక్ష చేస్తూనే ఉంటా.

కానీ థర్మామీటర్ వచ్చాక కూడా కొన్ని వారాలు ముక్క గట్టిగానే వచ్చింది! అంకె సరిగ్గానే ఉంది, రసం కూడా ఉంది, నమిలితే మాత్రం రబ్బరు. కారణం పట్టుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. మన స్టోన్‌హౌస్‌పేట వైపు షాపుల్లో ఆదివారం పొద్దున్నే కళ్ళముందే కోడిని కోసి, అప్పటికప్పుడే ఎముక తీసి బోన్‌లెస్ చేసి ఇస్తారు కదా, దాన్ని మనం తాజా తాజా అని గంటలో పొయ్యి మీద పెట్టేస్తాం. కోసిన కాసేపటికి కండ బిగుసుకుంటుంది, అది మళ్ళీ వదులవ్వడానికి కొన్ని గంటలు పడుతుంది. ఆ లోపే ఎముక నుంచి వేరు చేస్తే పట్టుకునే ఆధారం లేక కండ ఇంకా ముడుచుకుపోతుంది, తర్వాత ఎంత జాగ్రత్తగా వండినా ఆ గట్టితనం పోదు. తాజా అన్న మాట చేపకి బాగుంటుంది గానీ ఇక్కడ పనికిరాదు. ఇప్పుడు నేను ముందురోజు సాయంత్రం చెస్ట్ ముక్కని ఎముకతోనే ఇవ్వమంటున్నా. షాపతను మొదట్లో "బోన్‌లెస్ కావాలంటారు, ఎముక ఉంచమంటారు, ఏందక్కా ఇది" అని నవ్వాడు. రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి పొద్దున ఇంట్లోనే కత్తితో ఎముక తీసుకుంటా, అయిదు నిమిషాల పని. నిజం చెప్పాలంటే థర్మామీటర్ కన్నా దీనివల్లే ఎక్కువ తేడా వచ్చింది.

మొన్న ఆదివారం చేసింది చెప్తా. ఎముక తీశాక రెండు ముక్కలు, మొత్తం ఆరొందల గ్రాములు. ఒక్కోటి ఓ వైపు లావు, ఓ వైపు సన్నం, అలాగే వేస్తే లావు వైపు ఉడికేలోపు తోక ఎండిపోతుంది. అందుకని అరచేతితో నొక్కిపట్టి కత్తిని అడ్డంగా పోనిచ్చి రెండు పలకలుగా కోశా, ఒక్కోటి రెండు సెంటీమీటర్ల లోపు మందం. వీటికి ఒకటింపావు టీస్పూన్ మెత్తటి ఉప్పు, తలకొట్టి, అన్ని వైపులా పట్టించి ఫ్రిజ్‌లో నాలుగు గంటలు. ఉప్పు ముందే లోపలికి పోతే పోగులు నీటిని అంత సులభంగా వదలవు, మీరు నమ్మినా నమ్మకపోయినా రెండు మూడు డిగ్రీలు ఎక్కువైనా ముక్క బతికిపోతుంది. పదిహేను నిమిషాల ముందు వేస్తే పైన తడి చేరుతుంది తప్ప లాభం ఉండదు. నిమ్మరసం, పెరుగు మాత్రం ఆఖర్లోనే, రాత్రంతా పులుపులో నానితే పైపొర పిండిపిండిగా అయిపోతుంది.

తర్వాత గుడ్డతో తడి అద్ది, మిరియాలపొడి, పసుపు, కొంచెం కారం పట్టించి ఇనప పెనం మీద చెంచాడు వేరుశనగ నూనెలో వేశా. మొదటి వైపు మూడు నిమిషాలు కదపకుండా, తిప్పాక మంట తగ్గించి రెండు నిమిషాలు, ఆ తర్వాత అర నిమిషానికోసారి సూది. సూదిని పైనుంచి కాదు, పక్కనుంచి, లావుగా ఉన్న చోట మధ్యదాకా గుచ్చాలి. పెనానికి తగిలితే అంకె అబద్ధం చెప్తుంది. అరవై తొమ్మిది చూపగానే పళ్ళెంలోకి తీసి మూత పెట్టా, అయిదు నిమిషాల్లో తనంతట తనే డెబ్బై రెండుకి ఎక్కింది. డెబ్బై నాలుగైతే చూడగానే తినేయచ్చు, అంతకన్నా తక్కువలో ఆపితే ఆ వేడి కాసేపు నిలవాలి, అరవై ఆరులో ఆపేవాళ్ళకి నాలుగైదు నిమిషాలు కావాలి. అత్తమ్మకీ పిల్లాడికీ ఇచ్చే ముక్కల్ని నేను డెబ్బై నాలుగు దాకానే పోనిస్తా, ఉప్పు పట్టి ఉంటుంది కాబట్టి అవి కూడా పీచవ్వవు. మొదట్లో అత్తమ్మ "లోపల ఎర్రగా ఉంది గదా, ఉడకలేదేమో చూడమ్మా" అని భయపడేది, ఒకట్రెండు సార్లు తను చూస్తుండగానే సూది గుచ్చా. రంగు చూసి ఉడికిందో లేదో చెప్పలేం, తెల్లగా ఉన్నది పచ్చిదీ కావచ్చు, గులాబీగా ఉన్నది ఉడికిందీ కావచ్చు.

కోసేటప్పుడు పోగులు ఎటు పోతున్నాయో చూసి వాటికి అడ్డంగా కోస్తే నోట్లో పొడుగు పీచులు తగలవు. కూర అయితే మసాలా అంతా నూనె తేలేదాకా ముందే వేయించేసి, అంగుళం ముక్కల్ని ఆఖరున వేసి, కుతకుత ఉడకనీయకుండా ఆరేడు నిమిషాల్లో దింపుతా. పులుసు రుచి ముక్కకి అంతగా పట్టదు, అది ఒప్పుకోవాలి, అందుకే మా ఇంట్లో నెల్లూరు కోడి పులుసుకి ఇప్పటికీ తొడ ముక్కలే.

ఇక థర్మామీటర్ కంప్లైంట్లు. ఆవిరికి తెర మసకేస్తుంది, బటన్ బ్యాటరీ రెండుసార్లు మార్చా, పకోడీ ముక్కల్లాంటి చిన్న వాటిలో గుచ్చడం కుదరదు. అయిదుకి నాలుగు ఇస్తా. మిగిలిన ముక్కల్ని మాత్రం మళ్ళీ వేడి చేయకండి, రాత్రికి పెనం మీద పెడితే పొద్దున పడ్డ కష్టమంతా పోతుంది. చల్లగానే పలచగా కోసి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, నిమ్మరసం కలిపితే మా ఆయన చపాతీతో తినేస్తాడు.