సుగర్ పడిపోతే ఏది మేలు: బొండాం నీళ్లా, పంచదార నీళ్లా?

మధుమేహం ఆహార కరపత్రాన్ని ఇంగ్లీషు నుంచి తెలుగులోకి తెచ్చేటప్పుడు బ్రకోలీ బదులు బీరకాయ, ఓట్స్ బదులు చోడి అంబలి అని రాసి కొలత సరిచూసుకుంటే చాలావరకు పని జరిగిపోతుంది. అసలు జాగ్రత్తంతా సుగర్ పడిపోయినప్పుడు ఏం చేయాలో చెప్పే చిన్న పెట్టె దగ్గర కావాలి. ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్లకు ఆ పెట్టె ప్రాణం మీది మాట.

అమెరికా కరపత్రాల్లో ఆ పెట్టె దాదాపు ఒకేలా ఉంటుంది. సుగర్ 70 కంటే తగ్గితే 15 గ్రాముల పిండిపదార్థం వెంటనే తీసుకోవాలి. 15 నిమిషాలు ఆగి మళ్లీ పరీక్ష చేసుకోవాలి. ఇంకా తక్కువుంటే మళ్లీ అంతే తీసుకోవాలి. ఏం తీసుకోవాలన్న చోట మొదట కనిపించేది అర కప్పు పండ్ల రసం. వాళ్ల కప్పు 240 మిల్లీలీటర్లు, అంటే రసం 120.

పండ్ల రసాన్ని అలాగే ఉంచేస్తే? శ్రీకాకుళం జిల్లా పల్లెలో అర్ధరాత్రి చెమటలు పట్టి, చేతులు ఒణుకుతుంటే ఇంట్లో రసం డబ్బా దొరకదు. అందుకే అనువదించేవాళ్ల చెయ్యి బొండాం వైపు పోతుంది. ఉద్దానంలో పెరట్లో కొబ్బరిచెట్టు లేని ఇల్లు అరుదు. చదివేవాళ్లకూ అదే తోస్తుంది. "సుగరు డౌనైపోతే బొండాం తాగితే సరిపోద్ది కదేటి బాబూ?" అని అడిగే పెద్దమ్మలు ఊరూరా ఉంటారు.

సరిపోదు. లేత బొండాం నీళ్లలో 100 మిల్లీలీటర్లకు చక్కెర సుమారు 4 గ్రాములే. రసం కొలతనే ఉంచి అర కప్పు అని రాస్తే రోగికి అందేది 5 గ్రాములు, కావలసిన దాంట్లో మూడో వంతు. 15 గ్రాములు అందాలంటే 400 మిల్లీలీటర్ల దాకా తాగాలి. ఒక్కో కాయలో నీళ్లు ఒక్కో రకంగా ఉంటాయి, తీపీ కాయ ముదురును బట్టి మారిపోతుంది. పైగా కవిటి, సోంపేట, ఇచ్ఛాపురం వైపు కిడ్నీ జబ్బు ఎంతమందిని పీడిస్తోందో అందరికీ తెలిసిందే. బొండాం నీళ్లలో పొటాషియం ఎక్కువ. కిడ్నీలు దెబ్బతిన్నవాళ్లకు డాక్టర్లు తగ్గించమనేది దాన్నే. ఊరివాళ్లకు బాగా తెలిసిన పదార్థమే అయినా ఇక్కడ వైద్య సలహానే మార్చేస్తుంది కాబట్టి నేను దాన్ని ఒప్పుకోను.

పంచదార నీళ్లు మేలు. దీనికోసం మనం కొత్తగా ఏమీ కల్పించనక్కర్లేదు. ఆ పెట్టెలోనే రసం పక్కన, ఒక టేబుల్‌స్పూన్ పంచదార అని కూడా ఉంటుంది. వాళ్లే ఇచ్చిన దాన్ని ముందుకు తెస్తున్నామంతే. ఒక్కటే చూసుకోవాలి. దాన్ని 'ఒక చెంచా' అని రాసేస్తే మనవాళ్లు టీలో కలిపే చెంచా తీస్తారు. అందులో పట్టేది 4 గ్రాములు. టేబుల్‌స్పూన్ అంటే అలాంటివి మూడు.

బెల్లమూ పనిచేస్తుంది, కానీ ముక్క ఎంతన్నది కంటి అంచనా. ఒణుకుతున్న మనిషి గట్టి బెల్లం నమలడం కష్టం. పొడి కొట్టి నీళ్లలో కలిపితే తప్ప దాన్ని మొదటి వరసలో పెట్టను. పలాస వైపు ఇళ్లలో ఉండే జీడిపప్పు ఉండల్లాంటివి అసలు వద్దు. వాటిలోని కొవ్వు చక్కెరను రక్తంలోకి తొందరగా చేరనివ్వదు.

ఒక్క సందర్భంలో పంచదార కూడా ఓడిపోతుంది. అకార్బోజ్, వోగ్లిబోజ్ మాత్రలు వేసుకునేవాళ్లలో పంచదార గ్లూకోజ్‌గా విడిపోవడమే ఆలస్యమవుతుంది. వాళ్లకు మందుల షాపులో దొరికే గ్లూకోజ్ పొడే కావాలి. ఆ వాక్యం కరపత్రంలో లేకపోతే మనంతట మనం చేర్చకూడదు. డాక్టరుకు చూపించి, ఆయన ఒప్పుకున్నాకే చేర్చాలి.

చివరికి నేను పెట్టే పాఠం ఇది: "సుగర్ 70 కంటే తగ్గితే 3 టీ చెంచాల పంచదార అర గ్లాసు నీళ్లలో కలిపి వెంటనే తాగండి. 15 నిమిషాలయ్యాక మళ్లీ పరీక్ష చేసుకోండి. ఇంకా తక్కువుంటే మళ్లీ అలాగే తాగండి. మనిషికి స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, 108కి ఫోన్ చేయండి." మిగతా కరపత్రమంతా పంచదార మానమంటుంది కాబట్టి, ఈ పెట్టె పైన 'సుగర్ పడిపోయినప్పుడు మాత్రమే' అని పెద్దక్షరాల్లో ఉండాలి.

అచ్చుకు పంపేముందు, చదవడం వచ్చిన పెద్దావిడ ఒకరికి ఆ పెట్టె ఇచ్చి, వాళ్లింటి చెంచాతో వాళ్లింటి గ్లాసులోనే కలపమనాలి. ఆవిడ వేసిన పంచదారను తూకం వేస్తే 12 నుంచి 15 గ్రాముల మధ్య రావాలి. నాలుగో అయిదో వస్తే తప్పు ఆవిడది కాదు, మన వాక్యానిది.