కాగితం చూస్తూ వినాలా, చెవితోనే వినాలా?

మన కవిత్వం క్లబ్బులో ఎవరైనా పద్యం చదువుతుంటే, కొత్తవాళ్లు చాలామంది ఆ పద్యాన్ని ఫోన్‌లోనో కాగితం మీదో ముందు పెట్టుకుని వింటారు. నేనూ మొదట్లో అంతే. మాట అర్థం కాకుండా జారిపోతుందని టెన్షన్.

పోతన గజేంద్ర మోక్షంలోని ‘ఎవ్వనిచే జనించు’ పద్యాన్నే తీసుకోండి. కాగితం మీద రెండో పాదం ‘మూలకారణం’ దగ్గర ఆగుతుంది, మూడో పాదం ‘బెవ్వడు’ అని మొదలవుతుంది. కంటికి మాట విరిగిపోయినట్టు ఉంటుంది. చదివే మనిషి అక్కడ ఆగకుండా ‘మూలకారణంబెవ్వడు’ అని ఒక్క ఊపిరిలో అంటే ఆ విరుపు మాయమవుతుంది. మూడో పాదం చివర ‘వా’, నాలుగో పాదం మొదట ‘డెవ్వడు’ కూడా అంతే. వింటూ లెక్కపెట్టండి, ఎవ్వనిచే, ఎవ్వని, ఎవ్వడు అంటూ ఆ ప్రశ్న ఏడుసార్లు వస్తుంది. ఏనుగు పిలుపు ఒక్కోసారీ ఇంకాస్త దగ్గరవుతున్నట్టు వినబడుతుంది. కాగితం పట్టుకున్నవాడి కన్ను మాత్రం ఈపాటికే ‘శరణంబు వేడెదన్’ దాకా పరుగెత్తి ఉంటుంది. చివర ఏమొస్తుందో తెలిసిపోయాక ఎదురుచూపు ఏముంటుంది?

అయితే చెవికీ చిక్కులున్నాయి. ‘అనాదిమధ్యలయుడు’ లాంటి సమాసం మొదటిసారి వింటే విడదీయడం కష్టం. వచన కవితలో కవి కావాలని వదిలిన ఖాళీలు కూడా, చదివేవాడు గబగబా లాగించేస్తే, వినబడవు. అక్కడ కాగితానిదే పైచేయి.

నా పద్ధతి చెబుతాను. మొదటిసారి ఫోన్ జేబులోనే. తెలియని మాట తగిలితే దాన్ని అక్కడే వదిలేసి తర్వాతి మాటతో వెళ్లిపోతాను. ‘మళ్లీ ఒకసారి చదవండి’ అని అడిగి, రెండోసారికి కాగితం తీస్తాను.