కర్తను మార్చి చూసే పరీక్ష: ఏళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

నల్లగొండ జిల్లాలో తెలుగు చెప్తూ, పిల్లల వ్యాసాల్లో ఏది పూర్తి వాక్యం, ఏది సమాపక క్రియ లేకుండా సగంలో ఆగిన ముక్క అని తేల్చడానికి నేను చాలా ఏళ్లుగా వాడుతున్నది ఒకే పరీక్ష. వాక్యంలోని కర్తను మార్చి చదవాలి. దానితో పాటు క్రియ చివర కూడా మారితే అది సమాపక క్రియ, మారకపోతే అనుమానించాలి. మన ప్రాంతపు పిల్లల రాతకు ఇంతకంటే నమ్మదగిన పద్ధతి నాకు దొరకలేదు.

ఒక వ్యాసంలోని నాలుగు వాక్యాలు చూడండి. "సెలవుల్లో నేను అమ్మమ్మ ఇంటికి పోయిన. మా అమ్మమ్మ ఊరు హాలియా. పొలానికి నీళ్లు పెట్టిన మా మామ. సాయంత్రం కాలువ గట్టు మీద ఆడుకుని."

"-ఇన" అని ముగిస్తే అసమాపకమే అని రూపాన్ని బట్టి తీర్పు చెప్పేవారు మొదటి వాక్యాన్ని కూడా కొట్టేస్తారు. అది అన్యాయం. "నేను పోయిన" అన్నది "మేము పోయినం, నువ్వు పోయినవు, వాడు పోయిండు" అని కర్తను బట్టి మారుతుంది కాబట్టి మన మాండలికంలో అది నిండైన సమాపక క్రియ. ప్రామాణిక భాషలో "పోయాను" అని రాయమనడం వేరే సంగతి. మూడో వాక్యంలో అదే "-ఇన" ఉన్నా, కర్త మామ అయితే క్రియ "పెట్టిండు" కావాలి. ఇక్కడి "పెట్టిన" మామకు విశేషణం మాత్రమే. "నీళ్లు పెట్టిన అత్త" అన్నా అది మారదు. కాబట్టి ఆ మామ ఏం చేశాడో చెప్పకుండానే వాక్యం ఆగిపోయింది. "సాగర్‌కు పోటెత్తిన వరద" అనే పత్రికా శీర్షిక నిర్మాణమూ ఇదే. శీర్షికగా అది చెల్లుతుంది, వార్త లోపలి వాక్యంగా చెల్లదు. నాలుగో దానిలోని "ఆడుకుని" ఎవరికైనా ఒకటే రూపం, దాని తర్వాత "ఇంటికి వచ్చినం" వంటిది రావాలి.

రెండో వాక్యంలో క్రియే లేదు, అయినా అది పూర్తి వాక్యమే. ఈ పరీక్ష అక్కడ పనిచేయదు కనుక నేను చివర "కాదు" చేర్చి చూస్తాను: "మా అమ్మమ్మ ఊరు హాలియా కాదు" అన్నది చక్కగా నిలబడుతుంది, అంటే కర్త గురించి ఏదో చెప్పడం జరిగింది. క్రియ కనిపించలేదని ఎర్రసిరా పెట్టేవారు ముందుగా ఈ వాక్యాలను గుర్తించాలి.

ఈ పద్ధతికి ఉన్న అసలు లోపం "చేయాలి", "వద్దు", "చేయలేదు" వంటి రూపాలతో వస్తుంది. "నేను చేయాలి, వాడు చేయాలి, వాళ్లు చేయాలి": కర్త మారినా క్రియ కదలదు, కానీ వాక్యం పూర్తయింది. ఇవి కొన్నే కాబట్టి వీటిని ముందే విడిగా నేర్పి, ఆ తర్వాతే ఈ పరీక్షను పిల్లల చేతికి ఇస్తున్నాను.